చిన్న పేజీలో ఫుటర్ ఎక్కడ నిలబడాలి?

ఏదైనా కాలేజీ వెబ్‌సైట్‌లో ‘సంప్రదించండి’ పేజీ తెరవండి. పైన పేరు, మెనూ ఉంటాయి. మధ్యలో చిరునామా, ఫోన్ నంబరు, ఇంకో రెండు లైన్లు. వాటి కిందే కాపీరైట్ రాసిన ముదురు రంగు పట్టీ. ఆ పట్టీ కింద మాత్రం సగం స్క్రీను తెల్లగా ఖాళీ. పేజీ పూర్తిగా రాకముందే ఆగిపోయిందేమో అనిపిస్తుంది. అదే సైట్‌లో కోర్సుల వివరాలున్న పొడవాటి పేజీకి వెళ్తే ఆ పట్టీ బుద్ధిగా అట్టడుగున ఉంటుంది. రెండు చోట్లా ఉన్నది ఒకే ఫుటర్, ఒకే కోడ్.

తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే బ్రౌజర్ కొలతలు ఎలా తీసుకుంటుందో చూడాలి. ఒక పెట్టె ఎంత వెడల్పుండాలో అది స్క్రీనును అడుగుతుంది. ఎంత ఎత్తుండాలో మాత్రం లోపలున్న రాతను అడుగుతుంది. నాలుగు లైన్లుంటే నాలుగు లైన్ల ఎత్తు, నాలుగొందలుంటే అంత ఎత్తు. పేజీ మొత్తాన్ని పట్టి ఉంచే `body` అనే పెట్టెకూ ఇదే లెక్క. చిన్న పేజీలో `body` సగం స్క్రీను దగ్గరే ముగిసిపోతుంది. దాని అడుగునున్న ఫుటర్ కూడా అక్కడే ఆగుతుంది. స్క్రీనులో కింద ఇంకా చోటుందని ఫుటర్‌కు ఎవరూ చెప్పలేదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట ఫుటర్‌ను పట్టుకుని కిందకి లాగాలని చూస్తారు. `position: fixed; bottom: 0` అని రాస్తే చిన్న పేజీలో చక్కగా కుదురుతుంది. పొడవాటి పేజీలో మాత్రం ఫుటర్ ఎప్పుడూ స్క్రీను అడుగునే వేలాడుతూ చదువుతున్న లైన్లను కప్పేస్తుంది. చివరి పేరా అయితే ఎంత స్క్రోల్ చేసినా దాని వెనకాలే ఉండిపోతుంది. సరే, `fixed` బదులు `absolute` అని మారిస్తే ఇంకో వింత. ఫుటర్ మొదటి స్క్రీను అడుగున అతుక్కుంటుంది, స్క్రోల్ చేయగానే రాత మీద అడ్డంగా పడి దానితో పాటే పైకి పోతుంది. ఈ రెండు దారుల్లోనూ ఫుటర్ మిగతా పేజీ వరసలోంచి బయటికి వచ్చేస్తుంది. తన పైన ఎంత రాత ఉందో దానికి ఇక తెలియదు.

2000ల మధ్యలో వెబ్ డిజైనర్లు దీనికి ఒక కిటుకు వాడేవారు. `html`, `body` రెండింటికీ వంద శాతం ఎత్తు ఇచ్చి, లోపల ఇంకో పెట్టె పెట్టి, దానికి కనీసం వంద శాతం ఎత్తు ఉండాలని చెప్పేవారు. అప్పుడు ఆ పెట్టే స్క్రీనంతా ఆక్రమిస్తుంది, ఫుటర్ స్క్రీను బయటకి పోతుంది. దాన్ని వెనక్కి లాగడానికి పెట్టె అడుగున ఫుటర్ ఎత్తుకు సరిపడా నెగటివ్ మార్జిన్ ఇచ్చేవారు. రాత ఫుటర్ కిందకి దూరకుండా లోపల అంతే ఖాళీ వదిలేవారు. పని జరిగేది, కానీ ఫుటర్ ఎత్తు ముందే కచ్చితంగా తెలిసి ఉండాలి. 120 పిక్సెళ్లని రాసి పెట్టాక, ఫోనులో తెలుగు చిరునామా రెండు లైన్ల నుంచి నాలుగు లైన్లకు విరిగితే ఆ లెక్క తప్పుతుంది. అక్షరాల సైజు పెంచుకుని చదివేవాళ్ల దగ్గరా తప్పుతుంది. అప్పట్లో దానితోనే సరిపెట్టుకున్నారు. ఇవాళ కొత్త సైటుకు దాన్ని ఎత్తుకెళ్లి పెట్టడంలో అర్థం లేదు.

ఫ్లెక్స్‌బాక్స్ అనే అమరిక పద్ధతి అన్ని బ్రౌజర్లలోకీ వచ్చాక సమస్యను వేరే వైపు నుంచి చూడటం వీలైంది. ఫుటర్‌ను కదపక్కర్లేదు. మిగిలిన ఖాళీ ఎవరి వాటాకు వెళ్లాలో చెబితే చాలు.

```css
body {
  margin: 0;
  min-height: 100vh;
  display: flex;
  flex-direction: column;
}
main {
  flex: 1 0 auto;
}
```

ఇందులో బరువంతా `min-height` మోస్తుంది. `100vh` అంటే స్క్రీనులో పేజీ కనిపించే భాగం మొత్తం ఎత్తు. కరెంటు బిల్లులో కనీస చార్జీ లాంటిదిది: ఎంత తక్కువ వాడినా ఆ మొత్తం పడుతుంది, ఎక్కువ వాడితే వాడినంత పడుతుంది. తర్వాతి రెండు లైన్లు హెడర్, మధ్య భాగం, ఫుటర్‌లను పైనుంచి కిందకి ఒక వరసలో పేరుస్తాయి. `main` దగ్గరున్న మూడు విలువల అర్థం ఇది: ఖాళీ మిగిలితే నేను పెరుగుతాను, ఎప్పుడూ కుంచించుకోను, మొదలు మాత్రం నా రాత ఎంతుంటే అంతే.

లెక్కేసి చూద్దాం. స్క్రీను ఎత్తు 900 పిక్సెళ్లు, హెడర్ 80, ఫుటర్ 120 అనుకోండి. సంప్రదింపుల పేజీలో రాత 220. మొత్తం 420 అయింది, ఇంకా 480 మిగిలింది. ఆ 480 అంతా `main` తీసుకుని 700 అవుతుంది. ఫుటర్ 780 దగ్గర మొదలై సరిగ్గా 900 దగ్గర ముగుస్తుంది. కోర్సుల పేజీలో రాత 2400 ఉంటే మొత్తం 2600. కనీసం 900 అన్న షరతు ఎప్పుడో తీరిపోయింది, పంచడానికి ఖాళీ లేదు. ఫుటర్ రాత వెనకాలే 2480 దగ్గర మొదలవుతుంది. ఫుటర్ ఎత్తు 120 నుంచి 200కి పెరిగినా కోడ్ ముట్టుకోనక్కర్లేదు, బ్రౌజరే మళ్లీ లెక్కేసుకుంటుంది.

ఇంత చిన్న కోడ్ కూడా కొన్నిచోట్ల పనిచేయదు. ఎక్కువగా కనిపించే కారణం మధ్యలో దూరిన అదనపు పెట్టె. రియాక్ట్‌తో కట్టిన సైట్లలో హెడర్, `main`, ఫుటర్ మూడూ సాధారణంగా `root` అనే పెట్టెలో ఉంటాయి. చాలా వర్డ్‌ప్రెస్ థీముల్లోనూ ఇలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. ఫ్లెక్స్ తన సొంత పిల్లల్నే వరసలో పెడుతుంది, మనవల జోలికి పోదు. `body`కి ఇప్పుడున్నది ఒక్క బిడ్డే కాబట్టి పంపకం జరగదు. పైన `body`కి రాసిందంతా, `margin` తప్ప, ఆ లోపలి పెట్టెకు రాయాలి.

ఇంకో లోపాన్ని స్క్రోల్ పట్టీ పట్టిస్తుంది. చిన్న పేజీలో కూడా కాస్తంత స్క్రోల్ అవుతుంటే ఎక్కడో కొన్ని పిక్సెళ్లు వంద శాతానికి అదనంగా కలిశాయన్నమాట. బ్రౌజర్లు `body` చుట్టూ తమంతట తామే 8 పిక్సెళ్ల మార్జిన్ పెడతాయి. పైనా కిందా కలిపి 16. `margin: 0` అందుకే. వర్డ్‌ప్రెస్‌లో అయితే లాగిన్ అయి ఉన్నవాళ్లకు పైన నల్లటి అడ్మిన్ పట్టీ వచ్చి పేజీని 32 పిక్సెళ్లు కిందకి తోస్తుంది. సైటు కట్టినాయనకే స్క్రోల్ కనిపిస్తుంది, చూడ్డానికొచ్చిన వాళ్లకు కనిపించదు. తల పట్టుకునే ముందు లాగవుట్ అయి చూడటం మంచిది.

ఫోన్లది వేరే పేచీ. ఫోన్ బ్రౌజర్‌లో అడ్రస్ పట్టీ ఒకసారి కనిపిస్తుంది, స్క్రోల్ చేస్తే దాక్కుంటుంది. `100vh` అన్నప్పుడు ఫోన్ బ్రౌజర్లు పట్టీ దాక్కున్నప్పటి పెద్ద ఎత్తునే లెక్కిస్తాయి. అందువల్ల పేజీ తెరవగానే ఫుటర్ అడుగు భాగం స్క్రీను కిందకి జారి ఉంటుంది. 2022లో సఫారీ, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ మూడింటిలోకీ కొత్త కొలతలు వచ్చాయి. వాటిలో `svh` పట్టీ కనిపిస్తున్నప్పటి చిన్న ఎత్తును తీసుకుంటుంది.

```css
min-height: 100vh;
min-height: 100svh;
```

పాత బ్రౌజర్ రెండో లైను అర్థంకాక వదిలేసి మొదటిదాన్ని పాటిస్తుంది, కొత్తది రెండోదాన్ని పాటిస్తుంది. పట్టీతో పాటే మారుతూ పోయే `dvh` అనే కొలత కూడా ఉంది కానీ ఇక్కడ దాని అవసరం లేదు. చిన్న పేజీలో స్క్రోల్ చేయడానికి ఏమీ ఉండదు కాబట్టి అడ్రస్ పట్టీ దాక్కునే సందర్భమే రాదు.

సరిచూసుకోవడానికి హోం పేజీ పనికిరాదు, అది ఎటూ పొడవుగానే ఉంటుంది. లేని చిరునామా ఒకటి టైప్ చేస్తే వచ్చే 404 పేజీని, ఫలితాలేవీ దొరకని వెతుకులాట పేజీని పెద్ద మానిటర్ మీద తెరవాలి. సైటు మొత్తంలో అతి తక్కువ రాత ఉండే పేజీలు సాధారణంగా అవే.