తెర లేని కంట్రోలర్ తన లోపం చెప్పే తీరు

సంపులోంచి మేడమీది ట్యాంకుకు నీళ్లు ఎక్కించే మోటారును ఆర్డుయినో నానోతో నడిపించే కంట్రోలర్‌ను ఇంట్లోనే చేసుకోవచ్చు. దానికి తెర పెట్టకపోయినా, ఒక ఎల్‌ఈడీ, ఒక బజర్ ఉంటే మోటారు ఎందుకు ఆగిందో అది స్వయంగా చెప్పగలదు. లోపానికొక అంకె పెట్టి, అన్నిసార్లు ఎల్‌ఈడీని మెరిపించడమే పద్ధతి.

అంకెలను రెండు నుంచి మొదలుపెట్టడం మంచిది. అంతా సవ్యంగా ఉన్నప్పుడు ఎల్‌ఈడీ మూడు సెకన్లకోసారి చిన్నగా మెరుస్తూ ఉండాలి కాబట్టి, ఒక్క మెరుపును లోపానికి వాడితే రెండింటికీ తేడా తెలియదు. ఐదు దాటితే చూసేవారు లెక్క తప్పుతారు. అందుకే లోపాలను రెండు నుంచి ఐదులోపే సర్దుకోవాలి.

ఉదాహరణకు, మోటారు వేశాక ఇరవై సెకన్లయినా గొట్టంలోని ఫ్లో స్విచ్‌కు నీటి ప్రవాహం తగలకపోతే మోటారు ఆగి రెండు మెరుపులు వస్తాయి. అంటే సంపు ఎండిపోయింది, లేదా మోటారులో గాలి చేరింది. ముప్పావు గంట నడిచినా ట్యాంకు నిండకపోతే మూడు మెరుపులు: ఎక్కడో నీళ్లు కారుతున్నాయి, లేదా పైసెన్సర్ పనిచేయడం లేదు. నాలుగోది చాలామంది మరిచిపోయే లోపం. ట్యాంకులో పైసెన్సర్ తడిగా, కిందిసెన్సర్ పొడిగా చూపితే, అది నీటిలో జరగని పని. తీగ తెగిందనో, సెన్సర్ తుప్పు పట్టిందనో అర్థం. ఇలాంటి అసాధ్యమైన స్థితిని పట్టుకుంటే, సగం పనిచేస్తున్న సెన్సర్‌ను నమ్మి ట్యాంకు పొర్లించే ప్రమాదం తప్పుతుంది.

మెరుపు 300 మిల్లీసెకన్లు, మధ్య విరామం మరో 300, ఒక వరుస పూర్తయ్యాక రెండు సెకన్లకు పైగా చీకటి ఉండాలి. మనిషి పెట్టె దగ్గరికి వచ్చేసరికి వరుస సగంలో ఉండవచ్చు. ఆ పొడవాటి చీకటే కొత్త లెక్క ఎక్కడ మొదలవుతుందో చూపుతుంది. విరామం తగ్గిస్తే రెండూ రెండూ కలిసి నాలుగైపోతాయి.

ఈ మెరుపులను `delay()`తో రాయడం చాలా పెద్ద పొరపాటు. అది నడుస్తున్నంతసేపు కంట్రోలర్ సెన్సర్లను చూడదు. గడియారాన్ని చదివి లెక్కకట్టే ఈ పద్ధతిలో ఎక్కడా ఆగాల్సిన పని లేదు. ఇక్కడ `n` లోపం అంకె. ఈ వరుసలు `loop()`లో పడితే చాలు:

```
unsigned long t = millis() % (n * 600UL + 2000);
bool on = (t < n * 600UL) && (t % 600 < 300);
digitalWrite(LED, on);
```

ఇందులో మరో మేలుంది. ప్రోగ్రామ్ బిగుసుకుపోతే మెరుపు కూడా ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. కాబట్టి నిలకడగా వెలిగినా, అసలు వెలగకపోయినా అదొక సమాచారమే. అయితే వెలగకపోవడానికి కరెంటు లేకపోవడమూ కారణం కావచ్చు. నానో బోర్డు మీది పవర్ దీపం చూస్తే ఏది కారణమో తేలిపోతుంది.

బజర్‌లో రెండు రకాలున్నాయి. యాక్టివ్ బజర్‌కు ఐదు వోల్టులు ఇస్తే తానే మోగుతుంది. పాసివ్ రకానికి ప్రోగ్రామే స్వరం ఇవ్వాలి, నేరుగా కరెంటిస్తే టక్కుమని ఊరుకుంటుంది. ఈ పనికి యాక్టివ్ రకమే సులువు. అది 30 మిల్లీయాంపియర్ల దాకా తీసుకోవచ్చు. నానో పిన్నుకు 20 దాటించకపోవడం మంచిది, 40 దాని గరిష్ఠ హద్దు. అందుకే పిన్నుకూ బజర్‌కూ మధ్య బీసీ547 ట్రాన్సిస్టర్, దాని బేస్‌కు ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టాలి. ఎల్‌ఈడీకి 330 ఓమ్‌ల రెసిస్టర్ చాలు.

బజర్ ఆగకుండా మోగితే ఇంట్లోవారు తీగ పీకేస్తారు. లోపం వచ్చినప్పుడు ఒక వరుస, ఆపై నిమిషానికోసారి మోగితే సరిపోతుంది. ఒక బటన్ నొక్కితే శబ్దం ఆగాలి, ఎల్‌ఈడీ మాత్రం లోపం సరిచేసేదాకా మెరుస్తూనే ఉండాలి. కరెంటు వచ్చినప్పుడల్లా ఒక్కసారి కూత పెట్టేలా చేస్తే బజర్ పరీక్ష కూడా అయిపోతుంది. మోటారు వేసిన ప్రతిసారీ ఆ కూత వినిపిస్తే, మోటారు లాగే కరెంటుకు వోల్టేజి పడిపోయి కంట్రోలర్ మళ్లీ మొదటినుంచి లేస్తోందన్నమాట. అప్పుడు చూడాల్సింది పవర్ సప్లైని.

రెండు లోపాలు ఒకేసారి ఉంటే మొదట వచ్చినదాన్నే చూపించాలి, ఎందుకంటే తరచూ రెండోది దాని పర్యవసానమే. కరెంటు పోతే ఆ అంకె చెరిగిపోతుంది కాబట్టి దాన్ని ఈఈప్రామ్‌లో రాసి ఉంచవచ్చు. దానిలో ఒక్కో చోటు లక్షసార్ల రాతకే హామీ ఉంది. అందువల్ల లోపం మారినప్పుడు మాత్రమే రాయాలి, ప్రతి చుట్టులో రాస్తే కొద్దిసేపట్లోనే అది అరిగిపోతుంది.