ప్లగ్ పెట్టినా కారు ఛార్జ్ కావడం లేదా?

ఇంట్లో 16 ఆంపియర్ల సాకెట్‌కు పెట్టుకునే ఛార్జింగ్ కేబుల్ మధ్యలో ఇటుకంత డబ్బా ఒకటి ఉంటుంది. ఛార్జింగ్ ఆగినప్పుడు ముందు చూడాల్సింది కారును కాదు, దాన్ని. గన్‌ను కారుకు తగిలించకముందే, గోడకు ప్లగ్ పెట్టగానే ఎర్రలైటు వెలిగితే లోపం చాలావరకు ఇంటి వైరింగ్‌లోనే ఉంటుంది. అందులోనూ ముందుగా అనుమానించాల్సింది ఎర్తింగ్‌నే.

విజయవాడలో ఒక మిత్రుడి కారు ఆఫీసులో చక్కగా ఛార్జ్ అయ్యేది, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మాత్రం ఎర్రలైటే. ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టి ‘కరెంటు వస్తోంది కదండీ’ అన్నాడు. టెస్టర్ ఫేజ్ ఉందని చెబుతుందే గానీ ఎర్త్ సంగతి చెప్పదు. మల్టీమీటర్ పెడితే ఫేజ్-న్యూట్రల్ మధ్య 231 వోల్టులు, ఫేజ్-ఎర్త్ మధ్య 118, న్యూట్రల్-ఎర్త్ మధ్య 112 వచ్చాయి. ఎర్త్ సరిగా ఉంటే రెండోది కూడా 230 దగ్గరే ఉండాలి, మూడోది ఒకటి రెండు వోల్టులు దాటకూడదు. జంక్షన్ బాక్సు విప్పితే ఆకుపచ్చ వైరు ఎక్కడా కలవకుండా వేలాడుతోంది.

మీటర్ అంకెలు బాగున్నా డబ్బా ఒప్పుకోకపోవచ్చు. మీటర్ దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి, ఎండాకాలంలో ఎండిపోయిన ఎర్త్ గుంత కూడా దానికి మంచిదిగానే కనిపిస్తుంది. అలాంటప్పుడు ఎర్త్ టెస్టర్‌తో గుంత రెసిస్టెన్స్ కొలిపించాలి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు వెలిగించి చూసే పాత పద్ధతి మాత్రం వద్దు. ఎర్త్ చెడిపోయి ఉంటే ఆ కాసేపూ ఇంట్లో ఫ్రిజ్, గీజర్ల ఒంటికి కరెంటు పాకుతుంది.

సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేసి ‘సెట్ చేశానండీ’ అనేవాళ్లూ ఉన్నారు. ఎర్రలైటు పోతుంది, నిజమే. కానీ ఏదో ఒకరోజు ఆ న్యూట్రల్ తెగితే కారు బాడీ మొత్తానికీ ఫేజ్ వచ్చేస్తుంది.

డబ్బా పచ్చగా ఉండి కారు కదలకపోతే లోపం వాటి మాటామంతీలో ఉంది. గన్‌లోని పైలట్ పిన్ మీద డబ్బా 12 వోల్టులు ఉంచుతుంది. కారు తగలగానే అది 9కి, కారు సిద్ధమయ్యాక 6కి దిగుతుంది. అప్పుడుగానీ లోపలి రిలే మూసుకుని 230 వోల్టులను వదలదు. గన్ పూర్తిగా లోపలికి దిగకపోయినా, పిన్నులో మట్టి చేరినా ఈ సంభాషణ తెగుతుంది. అంతకంటే ముందు కారులో ఛార్జింగ్ టైమర్ పెట్టి మరిచారేమో చూసుకోండి.

ఛార్జింగ్ మొదలై ఆగితే మెయిన్ బోర్డు చూడాలి. మొదలైన వెంటనే ఆర్‌సీసీబీ పడితే ఎక్కడో లీకేజీ ఉందన్నమాట. మామూలుగా ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లకే పడిపోతుంది. అదే కారు మరోచోట బాగా ఛార్జ్ అయితే ఇంటి లైనునే తనిఖీ చేయించాలి. అరగంటకో గంటకో ఎమ్‌సీబీ పడితే అదే లైన్‌మీద గీజర్ నడుస్తోందేమో, సాకెట్ వేడెక్కుతోందేమో చూడాలి. వైరు మార్చకుండా ఎమ్‌సీబీ ఒక్కటే పెద్దది వేయిస్తే, ఆ తర్వాత వేడెక్కేది గోడలోని వైరే.