వీధిలో నిలబడి చూసినట్టుండే ఇల్లు

కట్టబోయే ఇంటి బొమ్మ కంప్యూటర్‌లో ఎంత ముచ్చటగా వచ్చినా, ఒక్కోసారి అది వీధిలోంచి చూసినట్టు అనిపించదు. అప్పుడు ముందుగా కాంపౌండ్ గోడ పైఅంచు చూడండి. అయిదడుగుల గోడ మీది సిమెంటు పట్టీ వెడల్పుగా కనబడుతుంటే, కెమెరా మనిషి కళ్లకంటే పైన ఉన్నట్టే. మేడమీది బాల్కనీ నేల కనబడితే మరీ ఎత్తున ఉన్నట్టు. కింద నిలబడ్డవాడికి కనబడేది బాల్కనీ శ్లాబు అడుగుభాగమే కదా!

ఈ పొరపాటు ఎక్కువగా కొలత ఎక్కణ్ణించి మొదలుపెట్టామన్న దగ్గర జరుగుతుంది. నమూనాలో సున్నా మట్టం తరచూ ఇంటి గచ్చు దగ్గర ఉంటుంది. గచ్చు రోడ్డుకు రెండడుగుల పైన ఉంటే, అక్కణ్ణించి కొలిచిన 1.6 మీటర్ల కెమెరా రోడ్డు నుంచి ఏడడుగులు దాటుతుంది. అందుకే ‘కంటి ఎత్తులో’ అని ఊరుకోకుండా ‘రోడ్డు మట్టం నుంచి 1.6 మీటర్లు’ అని రాయాలి.

లెన్సు సంగతి తేల్చేముందు నిలబడే చోటు తేల్చుకోవాలి. దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా కనబడే తీరు దూరాన్నిబట్టి మారుతుంది. బొమ్మలో ఎంతమేర పట్టాలో మాత్రమే లెన్సు నిర్ణయిస్తుంది. ముప్ఫై అడుగుల వెడల్పు, పారాపెట్‌తో కలిపి పాతిక అడుగుల ఎత్తు ఉన్న ఇల్లనుకోండి. ముందు 30 అడుగుల రోడ్డు, అయిదడుగుల ఖాళీ. రోడ్డుకు అవతలి అంచున నిలబడితే ఇంటికి 35 అడుగుల దూరం. ఫుల్ ఫ్రేమ్ కెమెరాను అడ్డంగా పట్టుకుంటే 35 ఎం.ఎం. లెన్సులో 36 అడుగుల వెడల్పు, 24 అడుగుల ఎత్తు పడతాయి, ఇల్లు ఇరుక్కుపోతుంది. 24 ఎం.ఎం. అయితే 52 అడుగుల వెడల్పు, 35 అడుగుల ఎత్తు వస్తాయి. పక్కిళ్ల అంచులూ కనబడి, ఇల్లు వీధిలో కుదురుగా కూర్చుంటుంది.

అయినా ఒక చిక్కుంది. కెమెరా నిటారుగా ఉంటే కంటిరేఖ బొమ్మకు సరిగ్గా నడుమ పడి, 23 అడుగుల దగ్గరే పైభాగం తెగిపోతుంది. తల పైకెత్తినట్టు కెమెరాను వంచితే గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలతాయి. వంచకుండా ఫ్రేమును పైకి జరపాలి. బ్లెండర్‌లో ఇందుకు కెమెరా సెట్టింగుల్లో `Shift Y` ఉంది. కంటిరేఖను బొమ్మ కింది నుంచి మూడో వంతుకు తెస్తే పారాపెట్ పైన మూడడుగుల ఆకాశం కూడా మిగులుతుంది.

మాటలతో చెప్పి బొమ్మ గీయించే ఏఐ పరికరాలు ఈ లెక్కలు కట్టవు. ‘24 ఎం.ఎం.’ అన్నది వాటికి ఒక సూచన మాత్రమే. కాబట్టి అంకెతోపాటు కనబడవలసినదాన్నీ రాయాలి: ‘30 అడుగుల రోడ్డుకు అవతలి అంచు నుంచి, రోడ్డు మట్టానికి 1.6 మీటర్ల ఎత్తున, 24 ఎం.ఎం. లెన్సు; గోడల గీతలు నిటారుగా; కాంపౌండ్ గోడ పైఅంచు దాదాపు కంటిరేఖ మీద; బాల్కనీ శ్లాబు అడుగుభాగం కనబడాలి; రెండువైపులా పక్కిళ్ల అంచులు.’ వచ్చిన బొమ్మలో గేటు దగ్గర మనిషి ఉంటే అతని కళ్లు కూడా ఆ రేఖ మీదే ఉన్నాయో లేదో చూడండి.