ఆసు యంత్రం – మూడు హక్కులు

పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు, అర్ధవలయంలో అమర్చిన పుల్లల చుట్టూ నూలును వరుసగా తిప్పుతారు. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి పడే భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆ పని చేసే యంత్రాన్ని తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2011లో దానికి పేటెంట్ వచ్చింది. 2019లో ఆయన జీవితం సినిమా అయింది.

పేటెంట్ కాపాడేది యంత్రం పనిచేసే తీరును. ఆసు పోసే యంత్రం ఉంటే బాగుండునన్న ఆలోచనకు పేటెంట్ ఇవ్వరు. నూలును పుల్ల నుంచి పుల్లకు చేర్చే ఏర్పాటు కొత్తదై, ఆ రంగం తెలిసినవారికి కూడా ఇట్టే తట్టనిదై, పరిశ్రమలో పనికొచ్చేదై ఉండాలి. గడువు దరఖాస్తు చేసిన రోజు నుంచి 20 ఏళ్లు. ఈలోగా మరొకరు కాపీ కొట్టకుండా, సొంతంగానే అదే ఏర్పాటును కనిపెట్టినా అనుమతి లేకుండా వాడుకోలేరు.

కాపీరైట్ ఇంత గట్టిది కాదు. ఒక విద్యార్థి ఇలాంటి యంత్రానికి మైక్రోకంట్రోలర్ బిగించి, డిజైన్లు మార్చే ప్రోగ్రామ్ రాశాడనుకుందాం. 1957 నాటి కాపీరైట్ చట్టం దృష్టిలో ఆ కోడ్ సాహిత్య రచనే! రాసిన క్షణమే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు అది ఉంటుంది. కానీ అదే పనిచేసే ప్రోగ్రామ్‌ను పక్క బెంచీ విద్యార్థి తన సొంత కోడ్‌తో రాస్తే ఆపలేరు. కోడ్‌కు పేటెంట్ తీసుకుందామన్నా, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు భారత చట్టం పేటెంట్ ఇవ్వదు. సినిమాకైతే విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. అంటే మల్లేశం సినిమాకు 2079 చివరిదాకా కాపీరైట్ ఉంటుంది.

ట్రేడ్‌మార్క్ సరుకు పేరుకూ గుర్తుకూ సంబంధించినది. ‘ఆసు యంత్రం’ అన్న మాట వస్తువేమిటో చెబుతుందే గాని, ఎవరిదో చెప్పదు. అందుకే ఆ మాటను ఒక్కరి సొత్తుగా నమోదు చేయించుకోవడం కష్టం. ప్రత్యేకమైన పేరు ఎంచుకుంటే నమోదు పదేళ్లు చెల్లుతుంది, ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు. వృత్తంలోని ఆర్ గుర్తును మాత్రం నమోదయ్యాకే వాడాలి. ముందే వాడితే చట్టవిరుద్ధం.

ఈ మూడింటిలో ఇంజినీరింగ్ విద్యార్థులు ఎక్కువగా పోగొట్టుకునేది పేటెంటే. కాలేజీ ప్రదర్శనలో ప్రాజెక్టును విప్పి చూపించి, వీడియో ఆన్‌లైన్‌లో పెట్టి, ఆ తర్వాత దరఖాస్తు చేస్తే కొత్తదనం పోయినట్టే. తమ ప్రదర్శనే తమకు అడ్డు తగులుతుంది. మినహాయింపు ఉన్నా, అది ప్రధానంగా కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకూ, విద్వత్సభల్లో చదివిన పత్రాలకూ. అదీ 12 నెలలే. యంత్రం పూర్తిగా సిద్ధం కాకపోయినా, పనిచేసే సూత్రాన్ని వివరిస్తూ తాత్కాలిక దరఖాస్తు ముందే వేయవచ్చు. పూర్తి వివరాలు సమర్పించడానికి అప్పటినుంచి 12 నెలల సమయం ఉంటుంది.