పది శాతం బాండ్‌లో నిజంగా దక్కేదెంత?

2019 జూన్ 4న గృహరుణాల సంస్థ డీహెచ్‌ఎఫ్‌ఎల్ తన బాండ్లపై వడ్డీ కట్టలేకపోయింది. ఆ ఏడాది మొదట్లో కూడా దానికి ట్రిపుల్ ఏ రేటింగ్ ఉంది. రెండేళ్ల తర్వాత, 2021 సెప్టెంబరులో, పిరమల్ సంస్థ దాన్ని 34,250 కోట్ల రూపాయలకు తీసుకుంది. అప్పులవాళ్లకు రావలసింది సుమారు 87,000 కోట్లు. సగటున రూపాయికి సగం కూడా తిరిగి రాలేదు. ఆ వచ్చినదాంట్లోనూ సగానికి పైగా నగదు కాదు, పదేళ్ల కొత్త బాండ్లు.

బాండ్ పత్రం మీద రాసి ఉండే వడ్డీ రేటు ఒక మాట మాత్రమే. కంపెనీ చివరిదాకా నిలబడితేనే ఆ మాట చెల్లుతుంది. నిలబడకపోయే అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే మిగిలేదే అసలు రాబడి. ఆ లెక్కకు పెద్ద గణితం అక్కర్లేదు.

ఒక ఊహాజనిత బాండ్ తీసుకుందాం. ముఖవిలువ 1000 రూపాయలు, గడువు మూడేళ్లు, ఏటా 10 శాతం వడ్డీ, కొన్న ధర కూడా 1000. అదే సమయంలో ప్రభుత్వ బాండ్ మీద 7 శాతం వస్తోందనుకుందాం. కంపెనీ ఏ ఏడాదైనా చెల్లింపు తప్పే అవకాశం 2 శాతం. తప్పితే, ఆ ఏడాది చివర చేతికొచ్చేది 400 రూపాయలు.

మొదటి ఏడాది కంపెనీ నిలిచే అవకాశం 98 శాతం. రెండో ఏడాది కూడా నిలవాలంటే మొదటి ఏడాది గట్టెక్కి ఉండాలి కాబట్టి 0.98ని మళ్లీ 0.98తో గుణించాలి, 96.04 శాతం వస్తుంది. మూడో ఏడాదికి అది 94.12 శాతానికి దిగుతుంది. దీన్నే మనుగడ సంభావ్యత అంటారు. మెట్టు మెట్టుకూ కొంచెం కొంచెంగా కరుగుతుంది.

ఇక ఒక్కో ఏడాదికి సగటున ఎంత వస్తుందో చూడాలి. మొదటి ఏడాది వడ్డీ 100లో 98 శాతం, అంటే 98 రూపాయలు. దానికి 400లో 2 శాతం, అంటే 8 రూపాయలు కలిపితే 106. అదే తీరులో రెండో ఏడాది 103.88, అసలు కూడా తిరిగొచ్చే మూడో ఏడాది 1042.99 వస్తాయి. ఈ మూడింటినీ ఏ రేటుతో నేటి విలువకు తెస్తే సరిగ్గా 1000 అవుతాయి? 8.6 శాతంతో. పత్రం మీది 10 శాతానికీ దీనికీ మధ్య ఉన్న 1.4 శాతం ఏటా సగటున పోయేది. ఆశించిన నష్టమంటే అదే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 1000లో పోయేది 600 కదా అని 2 శాతాన్ని 60 శాతంతో గుణించి 1.2 అంటారు. కానీ చెల్లింపు తప్పిన ఏడాది అసలుతోపాటు ఆ ఏటి వడ్డీ 100 కూడా పోతుంది. పోయేది 700. దానిలో 2 శాతం 14 రూపాయలు.

ప్రభుత్వ బాండ్ కంటే ఈ బాండ్ 3 శాతం ఎక్కువ ఇస్తానంటోంది. అందులో 1.4 నష్టానికి సరిపోతుంది, మిగతా 1.6 మాత్రమే భయాన్ని భరించినందుకు దక్కే ప్రతిఫలం. మరి ఆ ప్రతిఫలం పూర్తిగా ఎప్పుడు ఆవిరవుతుంది? అదనంగా వచ్చే 30 రూపాయలను పోయే 700తో భాగిస్తే 4.3 శాతం. ఏటా చెల్లింపు తప్పే అవకాశం అంతకంటే ఎక్కువైతే, సగటున ప్రభుత్వ బాండే మెరుగు. అవకాశం 5 శాతమైతే రాబడి 6.5కు పడిపోతుంది.

ఈ లెక్కకు బలహీనతలున్నాయి. ఆ 400 రూపాయలు వెంటనే రాకపోవచ్చు. డీహెచ్‌ఎఫ్‌ఎల్‌లో జరిగినట్టు రెండేళ్లు ఆలస్యమైతే ఆ 400 విలువ దాదాపు 340కి తగ్గుతుంది, రాబడి 8.5కు దిగుతుంది. ఇది చిన్న దెబ్బే. అసలు దెబ్బ వేరే చోట ఉంది. 2 శాతం అన్నది ఎప్పుడూ 2గానే ఉండిపోదు. 2018 సెప్టెంబరులో ఆర్థిక సంస్థ ఐఎల్‌అండ్‌ఎఫ్‌ఎస్ కూలగానే మార్కెట్లో అప్పు పుట్టడం కష్టమైంది. ఆ ఒత్తిడి తగిలిన సంస్థల్లో డీహెచ్‌ఎఫ్‌ఎల్ ఒకటి. కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి, ఒకే గాలివానకు పడతాయి. అందుకే పది కంపెనీల బాండ్లు కొన్నా, అవన్నీ ఒకే రంగానివైతే సగటు లెక్క కాపాడదు.

ఒక్క బాండే కొన్నవారికి 8.6 శాతం ఎప్పటికీ కనిపించదు. వారికి 10 శాతమైనా వస్తుంది, లేదా భారీ నష్టమైనా మిగులుతుంది. కాబట్టి ఎక్కువ వడ్డీ చూపించే బాండ్ ఎదురైనప్పుడు ముందుగా ఆ అదనపు వడ్డీని, పోయే మొత్తంతో భాగించి చూడండి. వచ్చిన అంకె కంటే ఆ కంపెనీ తప్పే అవకాశం తక్కువని నమ్మకంగా చెప్పలేకపోతే ఆ బాండ్ కొనకండి.