టేకు బల్లపై తెల్లని వలయాలు: చెక్కను చిత్రిక పట్టకుండానే తొలగించే పద్ధతి

భోజనాల బల్లపై నీటి గ్లాసు రాత్రంతా ఉండిపోతే, మరునాటికి దాని అడుగు కొలతకు ఒక తెల్లని వలయం మిగులుతుంది. వేడి గిన్నె దించిన చోట పొగమంచు కమ్మినట్లు తెల్లని మరక ఏర్పడుతుంది. బల్ల పాడైపోయిందని భావించి, వడ్రంగిని పిలిచి పైభాగమంతా చిత్రిక పట్టించి తిరిగి పాలిష్ వేయించేవారు అనేకులు. చాలా సందర్భాల్లో ఆ అవసరం ఉండదు. తెల్లమచ్చ చెక్కలో ఉండదు, చెక్కపై ఉన్న పాలిష్ పొరలో ఉంటుంది.

పాత టేకు సామగ్రికి ఎక్కువగా వేసేది లక్క పాలిష్. లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పలుచని పొరలుగా పూస్తారు. ఈ పొర తేమను కొంతమేర పీల్చుకుంటుంది. వేడి తగిలితే మెత్తబడి ఆవిరిని మరింత సులువుగా లోనికి రానిస్తుంది. అలా చిక్కుకున్న తేమ, దానివల్ల ఏర్పడిన అతిసూక్ష్మమైన ఖాళీలు వెలుతురును చెదరగొట్టడంతో పొర తెల్లగా కనిపిస్తుంది. నీటికి రంగు లేకపోయినా నురగ తెల్లగా ఉండడానికి కారణం ఇటువంటిదే. వానపడే రోజున లక్క పాలిష్ వేయడానికి అనుభవజ్ఞులైన పనివారు వెనుకాడేదీ ఇందుకే.

మచ్చ నల్లగా ఉంటే సంగతి వేరు. నీరు పాలిష్‌ను దాటి చెక్కను చేరిందని, చెక్కలోని టానిన్లు ఇనుముతో కలిసి నల్లబడ్డాయని సాధారణంగా దాని అర్థం. దానికి పాలిష్ తీసివేసి ఆక్జాలిక్ ఆమ్లంతో శుద్ధి చేయాలి. అది వడ్రంగికి విడిచిపెట్టవలసిన పని.

మా ఇంట్లో నలభై ఏళ్లనాటి టేకు బల్ల ఒకటి ఉంది. ఒక పండుగ పూట కుదురు కనిపించక, గంజి వార్చిన అన్నపు గిన్నెను మడిచిన వార్తాపత్రికపై దించారు. గిన్నె తీసేసరికి జానెడు వెడల్పున తెల్లని వలయం ఏర్పడింది. పక్కనే మంచినీళ్ల గ్లాసు మిగిల్చిన చిన్న వలయం కూడా ఉంది. ముందుగా బల్లను పొడిగుడ్డతో తుడిచి, రెండు రోజులు ఫ్యాను కింద వదిలివేశాం. చిన్న వలయం దానంతటదే మాయమైంది. తొందరపడి ఏదో ఒకటి రుద్దేవారు ఈ సులువైన అవకాశాన్ని కోల్పోతారు.

పెద్ద వలయం సగం తగ్గి ఆగిపోయింది. అప్పుడు బల్ల అడుగున, కంటికి కనిపించని చోట దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్ది చూశాం. నిమిషంలోనే అక్కడ జిగురుగా మారడంతో అది లక్క పాలిష్ అని తేలింది. మెలమైన్, పాలీయురథేన్ పాలిష్‌లైతే అలా మెత్తబడవు, వాటిపై స్పిరిట్ పద్ధతి పనిచేయదు.

తరువాత పాత నూలుగుడ్డను నిమ్మకాయంత ఉండగా చుట్టి, నాలుగైదు చుక్కల స్పిరిట్ వేసి, అరచేతిపై అద్ది చూశాం. చర్మానికి చల్లదనం తెలియాలి కానీ తడి అంటకూడదు. ఆ ఉండను మచ్చ మీదుగా ఈకతో నిమిరినట్లు ఒకే దిశలో పోనిచ్చాం. చేయి ఎక్కడా ఆగకూడదు. ఆగితే గుడ్డ అంటుకుని పాలిష్ ఊడివస్తుంది. స్పిరిట్ పై పొరను క్షణకాలం మెత్తబరచి, తేమ బయటపడేందుకు దారి ఇస్తుంది. రెండుసార్లు అలా చేసి, పది నిమిషాలు ఆరనిచ్చి, మళ్లీ రెండుసార్లు చేశాం. మూడో విడతకు తెలుపు పోయింది. ఈ పని చేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి, సమీపంలో దీపం, పొయ్యి ఉండకూడదు. స్పిరిట్‌కు బదులు శానిటైజర్ వాడితే అందులోని నీరు, జిగురు కొత్త మచ్చలు తెచ్చిపెడతాయి.

మచ్చ పోయినా ఆ చోట మెరుపు కొంత తగ్గింది. వస్త్రగాళితం పట్టిన బూడిదను రెండు చుక్కల నూనెతో కలిపి, చెక్క నార వెంబడి వేలితో మెల్లగా రుద్ది తుడిచేశాం. స్పిరిట్ పనిచేయని పాలిష్‌లపై పైపైన ఉన్న మచ్చలకూ ఇదే మార్గం, అయితే అతిగా రుద్దితే అక్కడ మెరుపులో తేడా మిగిలిపోతుంది.

గుడ్డ పరచి ఇస్త్రీ పెట్టె ఆనించమనే సలహా తరచూ వినిపిస్తుంది. లక్క సుమారు 75 డిగ్రీల సెల్సియస్ వద్దే మెత్తబడుతుంది. ఇస్త్రీ పెట్టె వేడి సులువుగా దాన్ని మించిపోయి, గుడ్డ నేత బల్లపై అచ్చుపడుతుంది. మచ్చ చోట పొర ఉబ్బినా, గోటికి తగిలేలా పగిలినా ఇంటి వైద్యం ఆపి, అంతమేరకు కొత్త పాలిష్ వేయించుకోవాలి. స్పిరిట్ తగిలిన పొర గట్టిపడే వరకు, కనీసం రెండు మూడు రోజులు, బల్లపై ప్లాస్టిక్ షీటు పరచకూడదు.