ఈమెయిల్‌లో ‘సో దట్’: పని ఒకరిది, వాక్యం చెప్పేది ఇంకొకరిని

ఒక పని ఏ ఉద్దేశంతో చేస్తున్నదీ చెప్పడానికి ఇంగ్లీషులో ఎక్కువగా వాడే పద్ధతులు నాలుగు. క్రియకు ముందు ఉత్త ‘టు’ పెట్టడం అన్నిటికన్నా మామూలుది. ‘ఇన్ ఆర్డర్ టు’, ‘సో యాజ్ టు’ కూడా అదే అర్థాన్నిస్తాయి, కాకపోతే కాస్త లాంఛనంగా ఉంటాయి. ఈ మూడింటి తర్వాతా క్రియ మూలరూపంలోనే వస్తుంది. నాలుగోది ‘సో దట్’. దీని తర్వాత మాత్రం కర్త, క్రియ రెండూ ఉన్న పూర్తి వాక్యం రావాలి. ఆఫీసు మెయిళ్లలో ఈ మాటల దగ్గర దొర్లే తప్పుల్లో చాలావాటికి మూలం ఈ తేడాలోనే ఉంది.

తెలుగులో ఇలాంటి విభజన లేదు. ‘నేను చూడడానికి వచ్చాను’ అన్నప్పుడు వచ్చిందీ చూసేదీ ఒకరే. ‘మీరు చూడడానికి పంపాను’ అన్నప్పుడు పంపింది ఒకరు, చూసేది ఇంకొకరు. రెండుచోట్లా ‘చూడడానికి’ అనే రూపమే సరిపోతుంది. ఎవరు చూడాలో సందర్భాన్నిబట్టి తెలిసిపోతే ఆ కర్తను కూడా తెలుగువాళ్లు వదిలేస్తారు. ఇంగ్లీషులో అలా వదిలేస్తే అర్థం మారిపోతుంది. ‘టు’కు ముందు వేరే కర్త లేకపోతే, ప్రధాన వాక్యంలోని కర్తే ఆ రెండో పనీ చేస్తున్నట్టు చదివేవాళ్లు అనుకుంటారు.

దీనివల్ల వచ్చే చిక్కు ఒక ఉదాహరణలో బాగా తెలుస్తుంది. ఒక కంపెనీ కొనుగోళ్ల విభాగంలో పనిచేసే ఉద్యోగి, సరుకు ఏ రోజు పంపుతారో చెప్పమని సప్లయర్‌కి ఫోన్ చేశాడనుకుందాం. సప్లయర్ ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. ఉద్యోగి మనసులో ఉన్న వాక్యం ‘డెలివరీ తేదీ కన్ఫర్మ్ చేయడానికి సప్లయర్‌కి ఫోన్ చేశాను’. కన్ఫర్మ్ చేయాల్సింది సప్లయరే అన్నది అతనికి తెలిసిన విషయమే. మేనేజర్‌కి అతను పంపిన మెయిల్‌లో మాత్రం ‘ఐ కాల్డ్ ది సప్లయర్ టు కన్ఫర్మ్ ది డెలివరీ డేట్’ అని ఉంది. అందులో వ్యాకరణ దోషం లేదు, కంప్యూటర్ ఎర్రగీత కూడా గీయదు. కానీ ఇంగ్లీషు బాగా తెలిసిన మేనేజర్‌కి అర్థమయ్యేది వేరు: తేదీ ముందే కుదిరింది, దాన్ని ఖాయం చేస్తూ మనవాడే ఫోన్ చేశాడు. ఆ నమ్మకంతో ఆయన గోడౌన్‌లో హమాలీలను పిలిపిస్తే, ఆ రోజు లారీ రాదు.

ఇక్కడ రెండు పనులకూ కర్తలు వేరు కాబట్టి ‘సో దట్’ కావాలి: ‘ఐ కాల్డ్ ది సప్లయర్ సో దట్ హీ కుడ్ కన్ఫర్మ్ ది డేట్’. నిజానికి ఇంతకన్నా సూటిగా ‘ఐ ఆస్క్డ్ ది సప్లయర్ టు కన్ఫర్మ్ ది డేట్. హీ హాజ్ నాట్ రిప్లైడ్ యెట్’ అని రాయడం మంచిది. ‘ఆస్క్’ తర్వాత మనిషి పేరు, ఆపైన ‘టు’ వస్తే అది ‘చేయమని’ అనే అర్థాన్నిస్తుంది. అక్కడ పని సప్లయర్‌దేనని ఎవరికైనా తెలుస్తుంది. ఫైలు పంపేటప్పుడు ‘ఐ హావ్ అటాచ్డ్ ది ఫైల్ ఫర్ యు టు చెక్’ అనే పద్ధతి కూడా ఉంది. ‘ఫర్ యు’ అన్నది చూడాల్సిన మనిషి ఎవరో చెప్పేస్తుంది.

ఈ రెండు పద్ధతులను కలిపేస్తే కంటికి ఇట్టే కనిపించే తప్పులు వస్తాయి. ‘సో దట్ టు చెక్’, ‘సో యాజ్ టు యు కెన్ చెక్’ అలాంటివే. మొదటిదానిలో ‘సో దట్’ తర్వాత కర్త లేదు, రెండోదానిలో ‘టు’ తర్వాత కర్త వచ్చి పడింది. ‘ఐ కేమ్ ఫర్ మీటింగ్ యు’ అనేదీ ఈ కోవలోదే. ఒక వస్తువు ఎందుకు పనికొస్తుందో చెప్పేటప్పుడు ‘ఫర్’ పక్కన ‘-ఇంగ్’ రూపం సరిగ్గానే ఉంటుంది. మనిషి ఏ ఉద్దేశంతో వచ్చాడో చెప్పేటప్పుడు ‘టు మీట్’ అనే రాయాలి.

వ్యతిరేకార్థంలో చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే తెలుగులో ‘-కుండా’ రెండు పనులు చేస్తుంది. ‘చెప్పకుండా వెళ్లాడు’ అంటే చెప్పలేదని అర్థం. ‘ఏ పేరూ పోకుండా జాబితా రెండుసార్లు చూశాను’ అంటే పేరు పోకూడదన్నది ఉద్దేశం మాత్రమే. మొదటిదానికి ఇంగ్లీషులో ‘వితౌట్’ సరిపోతుంది కాబట్టి, అలవాటుగా రెండోదానికీ అదే వాడి ‘ఐ చెక్డ్ ది లిస్ట్ ట్వైస్ వితౌట్ మిస్సింగ్ ఎనీ నేమ్’ అని రాసేస్తారు. అప్పుడది ఉద్దేశంగా మిగలదు, ఒక్క పేరూ వదల్లేదన్న హామీగా మారిపోతుంది. మర్నాడు జాబితాలో ఒక పేరు లేదని తేలితే, రాసినవాళ్లు ఆ మెయిల్‌కి జవాబు చెప్పుకోవాలి. రాయాల్సింది ‘సో యాజ్ నాట్ టు మిస్ ఎనీ నేమ్’. ‘ఇన్ ఆర్డర్ నాట్ టు’ కూడా సరైనదే. ‘టు డోంట్ మిస్’ ఎక్కడా చెల్లదు. ‘టు నాట్ మిస్’ మాటల్లో వినిపిస్తుంది గానీ లాంఛనమైన ఉత్తరంలో పంటికింద రాయిలా తగులుతుంది. కర్త మారితే మళ్లీ ‘సో దట్’కే రావాలి: ‘సో దట్ నో నేమ్ ఈజ్ మిస్డ్’.

‘సో దట్’ను ‘కాబట్టి’ అనే అర్థంలో వాడడం మరో తప్పు. ‘ఐ డిడ్ నాట్ గెట్ ది ఇన్వాయిస్ సో దట్ ఐ కుడ్ నాట్ పే’ అనే వాక్యం చదివితే, డబ్బు కట్టకుండా ఉండాలన్న ఉద్దేశంతోనే ఇన్వాయిస్ తీసుకోలేదేమో అన్న అనుమానం కలుగుతుంది. ఇక్కడ ఉన్నది ఉద్దేశం కాదు, ఫలితం. అందువల్ల ‘ఇన్వాయిస్’ తర్వాత కామా పెట్టి ఉత్త ‘సో’ రాస్తే చాలు. ఇంజనీర్ల మెయిళ్లలో ‘సో దట్’ ఉండాల్సిన చోట ‘సచ్ దట్’ కనిపిస్తుంది. ఒక షరతును వివరించేటప్పుడు లెక్కల పుస్తకాల్లో వాడే మాట అది. ‘మీరు చూడగలిగేలా’ ఫైలు పంపుతున్నామని చెప్పడానికి అది సరిపోదు.

‘సో దట్’ తర్వాత ఏ సహాయక క్రియ రాయాలన్నది ముందున్న క్రియ కాలాన్నిబట్టి ఉంటుంది. ‘ఐ యామ్ సెండింగ్’ అని మొదలైతే ‘కెన్’ గానీ ‘విల్’ గానీ వస్తుంది, ‘ఐ సెంట్’ అని మొదలైతే మామూలుగా ‘కుడ్’ గానీ ‘వుడ్’ గానీ. పంపడం నిన్న జరిగినా చూడాల్సింది ఇంకా ఉంటే ‘కెన్’ రాసినా తప్పు కాదు. మర్యాదగా ఉంటుందనుకుని ‘ఐ యామ్ సెండింగ్’ తర్వాత ‘వుడ్’ పెట్టడం మాత్రం అనవసరం. మర్యాద ‘ప్లీజ్’లో ఉంటుంది గానీ ‘వుడ్’లో కాదు.

ఇక లాంఛనం సంగతి. ‘ఇన్ ఆర్డర్ టు’తో వాక్యం మొదలుపెట్టవచ్చు. ‘సో యాజ్ టు’ ఎక్కువగా వాక్యం మధ్యలోనే వస్తుంది. పొడవైన వాక్యంలో ఎక్కడినుంచి ఉద్దేశం చెబుతున్నారో స్పష్టం చేయడానికి ఇవి రెండూ పనికొస్తాయి. రెండు లైన్ల మెయిల్‌లో ప్రతి ‘టు’ ముందూ ‘ఇన్ ఆర్డర్’ తగిలిస్తే మాత్రం చదవడానికి బరువుగా ఉంటుంది. ఒకే మనిషి చేసే పనికి ఉత్త ‘టు’, కర్త మారినచోట ‘సో దట్’, వద్దనుకున్నదాన్ని చెప్పేచోట ‘సో యాజ్ నాట్ టు’ వాడితే రోజువారీ ఆఫీసు మెయిళ్లకు అవి చాలు.